కెనడాలో దిగాక సర్వైవల్ జాబా, సొంత ఫీల్డా: ఎలా తేల్చుకోవాలి, ఎప్పుడు మారాలి

పీఆర్ మీద టొరంటో వైపు, అంటే బ్రాంప్టన్, మిస్సిసాగా, స్కార్‌బరో చుట్టుపక్కల దిగిన మనవాళ్లు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటే. ఇల్లు గడవడానికి ఏదో ఒక సర్వైవల్ జాబ్‌లో, అంటే వేర్‌హౌస్‌లాంటి చోట చేరిపోవాలా, మన ఫీల్డ్ జాబ్ వచ్చేదాకా ఆగాలా? ముందే వచ్చినవాళ్లలో సగం మంది "ఏదో ఒకటి చేరిపో తమ్ముడూ, తర్వాత చూసుకోవచ్చు" అంటారు. మిగతా సగం "ఒకసారి దాంట్లో దిగితే బయటికి రాలేవు, ఆగు" అంటారు. ఇద్దరూ తమకు జరిగింది చెబుతున్నారు కాబట్టి ఇద్దరి మాటా నిజమే, కానీ మీ బ్యాంకు ఖాతాలో ఎంత ఉందో ఇద్దరికీ తెలియదు.

నేను ఇక్కడ చెప్పేది ఒక్కటే. సర్వైవల్ జాబ్‌ని గంటకి ఎంత ఇస్తారో చూసి ఎంచుకోకండి, మీకు పగటిపూట ఎన్ని గంటలు మిగులుస్తుందో చూసి ఎంచుకోండి. మారే తేదీని కూడా చేరకముందే రాసుకోండి. కింద ఉన్న లెక్కలన్నీ ఒంటారియోకి, పీఆర్ ఉన్నవాళ్లకి. స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్లకి పని గంటల పరిమితి వేరే ఉంటుంది కాబట్టి ఇది యథాతథంగా పనికిరాదు.

1. ఇండియాలో ఉండగానే సర్దుకోవాల్సినవి

ఇక్కడికి వచ్చాక తెప్పించుకోవడం కష్టమైనవి కొన్ని ఉన్నాయి. పచ్చళ్లకి సూట్‌కేసులో చోటు ఎలాగూ దొరుకుతుంది, ముందు వీటికి చూడండి.

- పాత కంపెనీల అనుభవ పత్రాలు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు" అని రెండు లైన్లు ఉంటే చాలదు, ఏ పనులు చేశారో వివరంగా ఉండాలి.
- మీ గురించి ఫోన్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడగలిగిన ఇద్దరు పాత మేనేజర్ల ఈమెయిల్, ఫోన్ నంబర్లు. ఇక్కడి వాళ్లు ఫోన్ చేసే వేళకి అక్కడ రాత్రి అవుతుందని వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.
- డ్రైవింగ్ లైసెన్స్ ఎన్నేళ్ల నుంచి ఉందో చూపే పత్రం, ఆర్టీఏ నుంచి. ఒంటారియోలో G1 రాత పరీక్ష ఎలాగూ తప్పదు, కానీ అనుభవం రుజువైతే రోడ్ టెస్ట్ కోసం ఆగాల్సిన కాలం తగ్గుతుంది. ఫ్యాక్టరీలు చాలావరకు బస్సు సరిగ్గా వెళ్లని చోట ఉంటాయి కాబట్టి దీనికి అనుకున్నదానికంటే విలువ ఎక్కువ.
- డిగ్రీ, మార్కుల జాబితాలు, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కోసం చేయించిన ఈసీఏ రిపోర్టు.

దిగిన వారంలో సర్వీస్ కెనడా ఆఫీసులో ఉద్యోగానికి కావాల్సిన సిన్ నంబర్ తీసుకోండి. దానికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బులడిగితే అక్కడి నుంచి వచ్చేయండి.

2. మీ ఇంటి లెక్క వేయండి

ఈ లెక్క వేయకుండా తీసుకున్న నిర్ణయం ఏదైనా సరే భయంతోనో మొహమాటంతోనో తీసుకున్నదే అవుతుంది. ఉదాహరణకి ఒక ఇల్లు తీసుకుందాం. భర్త పుణెలో ఆటో విడిభాగాల కంపెనీలో తొమ్మిదేళ్లు క్వాలిటీ ఇంజినీర్. భార్య అకౌంట్స్‌లో చేసింది, కానీ నాలుగేళ్ల పాప ఉంది కాబట్టి మొదట్లో ఇంట్లోనే ఉంటుంది. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ తీసుకున్నారు. తెచ్చుకున్నది 25,000 డాలర్లు.

మొదటి నెల, చివరి నెల అద్దె, పరుపులు, చలి బట్టలు, సామాను కలిపి 5,000 పోయింది. మిగిలింది 20,000. నెల ఖర్చు అద్దె, సరుకులు, బస్సు రైలుకి వాడే ప్రెస్టో కార్డు, ఫోన్లు అన్నీ కలిపి 3,000 అనుకుందాం. మీ ఖర్చు వేరేగా ఉంటుంది, మీ అంకెలు పెట్టుకోండి.

ఇప్పుడు ఒక గీత గీయాలి. మూడు నెలల ఖర్చు, అంటే 9,000, ముట్టకూడని డబ్బు. ఒంట్లో బాగాలేకపోయినా, ఇండియాకి అర్జంటుగా వెళ్లాల్సి వచ్చినా అదే ఆధారం. ఇక వాడుకోగలిగింది 11,000.

ఇక్కడి నుంచి మూడు దారులు.

- ఏ పనీ చేయకపోతే: 11,000ని 3,000తో భాగిస్తే మూడున్నర నెలలు దాటి కొన్ని రోజులు.
- వారానికి 40 గంటలు కనీస వేతనానికి చేస్తే: 2025 అక్టోబర్ నుంచి ఒంటారియోలో గంటకి 17.60 డాలర్లు. కోతలు పోను నెలకి చేతికి దాదాపు 2,500. లోటు 500. 11,000 దాదాపు 22 నెలలు వస్తుంది.
- వారానికి 24 గంటలే చేస్తే: చేతికి దాదాపు 1,650. లోటు 1,350. 11,000 ఎనిమిది నెలలు వస్తుంది.

మూడో లైను ఇంకోసారి చూడండి. వారానికి మూడు రోజుల పని మూడున్నర నెలల గడువుని ఎనిమిది నెలలు చేసింది, అయినా వారంలో రెండు మూడు పనిదినాలు పూర్తిగా మీ చేతిలోనే ఉన్నాయి. 40 గంటల పని 22 నెలలు ఇస్తుంది, నిజమే, కానీ ఆ 22 నెలల్లో అప్లై చేసే ఓపిక ఎన్ని రోజులు ఉంటుందన్నది అసలు సంగతి. రోజంతా డబ్బాలు మోసి, బస్సులో గంట ప్రయాణం చేసి ఇంటికొచ్చినవాడు రాత్రి పదింటికి కూర్చుని రెజ్యూమె మార్చి అప్లై చేస్తాడంటే నేను నమ్మను. ఒక వారం చేస్తాడు.

పిల్లలున్నవాళ్లకి కెనడా చైల్డ్ బెనిఫిట్ వస్తుంది, దానికి RC66తో పాటు కొత్తగా వచ్చినవాళ్లు RC66SCH ఫారం కూడా పంపాలి. దిగిన నెలలోనే పంపండి, కానీ ఖాతాలో పడేదాకా లెక్కలో వేసుకోవద్దు. ఇండియాలో సంపాదించిన ఆదాయం కూడా అందులో చూపాలి కాబట్టి ఎంత వస్తుందో పక్కింటివాళ్లకి వచ్చినదాన్ని బట్టి ఊహించకండి.

3. అసలు సర్వైవల్ జాబ్ కావాలా?

లెక్క వేశాక మూడు ప్రశ్నలు చాలు.

ఏ పనీ లేకుండా ఆరు నెలలకి పైగా నడుస్తుందా? నడిస్తే మొదటి మూడు నెలలు సర్వైవల్ జాబ్ వద్దు, వెతకడమే పనిగా పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ లెక్క వేయండి.

మూడు నుంచి ఆరు నెలలే నడుస్తుందా? పార్ట్ టైమ్ సర్వైవల్ జాబ్, వెంటనే. డబ్బులు అయిపోయాక కాదు, ఉండగానే. అయిపోయాక వెతికితే ఏ షిఫ్ట్ ఇస్తే ఆ షిఫ్ట్ తీసుకోవాల్సి వస్తుంది, ఏరుకునే హక్కు పోతుంది.

మూడు నెలల కంటే తక్కువా? ఫుల్ టైమ్ చేరండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఎంత మిగిలాక గంటలు తగ్గించుకుంటారో ఆ అంకె ఈరోజే రాసుకోండి.

ఇంకో సంగతి. నర్సులు, ఫిజియోథెరపిస్టుల్లాంటి లైసెన్స్ కావాల్సిన వృత్తులవాళ్లకి అసలు గడువు పరీక్షలదీ, పత్రాల పరిశీలనదీ. వాళ్లకి సర్వైవల్ జాబ్ దాదాపు తప్పదు, కాబట్టి చదువుకోవడానికి వీలు మిగిల్చేది చూసుకోవాలి. ఇంజినీర్ల విషయం కాస్త వేరు. పి.ఇంజ్ లైసెన్స్ లేకుండా ఒంటారియోలో ప్రొఫెషనల్ ఇంజినీర్ అని చెప్పుకోకూడదు, కానీ క్వాలిటీ, ప్రొడక్షన్, టెస్టింగ్ వైపు టెక్నీషియన్, స్పెషలిస్ట్ పనులకి ఆ లైసెన్స్ అక్కర్లేదు. పైగా ఆ లైసెన్స్ ఇచ్చే సంస్థ పీఈఓ 2023 మేలో దానికి కెనడా అనుభవం తప్పనిసరి అన్న నిబంధన తీసేసింది. "కెనడాలో ఏడాది చేస్తే గానీ అప్లై చేయలేం" అని ఇంకా చెప్పేవాళ్లది పాత సమాచారం.

4. మధ్యలో ఒక మెట్టు ఉంది, ముందు దాన్ని చూడండి

చాలామందికి రెండే కనబడతాయి. ఒకటి వేర్‌హౌస్, ఇంకోటి ఇండియాలో వదిలొచ్చిన హోదా. ఈ రెండింటి మధ్య మీ ఫీల్డ్ గడప దగ్గరే ఉండే పనులు ఉంటాయి. జీతం వేర్‌హౌస్ కంటే ఒకటి రెండు డాలర్లే ఎక్కువ ఉండొచ్చు, అంతే ఉండొచ్చు కూడా. తేడా ఏమిటంటే అక్కడి సూపర్‌వైజరు రేపు మీ పని గురించి మాట్లాడగలడు.

మన ఉదాహరణలోని క్వాలిటీ ఇంజినీర్‌కి ఆ మెట్టు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. బ్రాంప్టన్, మిస్సిసాగా, కేంబ్రిడ్జ్ వైపు ఆటో విడిభాగాల ప్లాంట్లు ఉన్నాయి. అక్కడ క్యాలిపర్ పట్టుకుని భాగాలు కొలవడం, లోపమున్నవి పక్కన పెట్టి ట్యాగ్ వేయడం, రిపోర్టు రాయడం. తొమ్మిదేళ్లు ఆడిట్లు నడిపినవాడికి ఇది చిన్నపనే. కానీ ఆ ప్లాంట్‌లోనూ అదే ఐఏటీఎఫ్ 16949 క్వాలిటీ ప్రమాణం, అవే పీపీఏపీ ఫైళ్లు, అవే 8డి రిపోర్టులు. ఆర్నెల్ల తర్వాత ఇంటర్వ్యూలో "ఇక్కడి ప్లాంట్‌లో కస్టమర్ కంప్లైంట్ వస్తే మేం ఇలా చేశాం" అని చెప్పుకోవచ్చు. వేర్‌హౌస్‌లో స్కానర్ పట్టుకున్న ఆర్నెల్ల నుంచి అలాంటి వాక్యం ఒక్కటీ రాదు.

మిగతా ఫీల్డులకి: అకౌంటెంట్లకి అకౌంట్స్ పేయబుల్ క్లర్క్, బుక్ కీపింగ్. సివిల్ వాళ్లకి కాంక్రీటు, మట్టి పరీక్షలు చేసే ఫీల్డ్ టెక్నీషియన్. ఫార్మసిస్టులకి ఫార్మసీ అసిస్టెంట్. ఐటీ వాళ్లకి హెల్ప్ డెస్క్, కానీ పదేళ్ల డెవలపర్ హెల్ప్ డెస్క్‌లో ఎక్కువ కాలం ఉంటే సపోర్ట్ మనిషిగానే ముద్ర పడుతుంది. ఐటీలో ఈ మెట్టు అందరికీ మంచిదని చెప్పలేను.

ఎలా వెతకాలంటే, కెనడా ప్రభుత్వ జాబ్ బ్యాంక్ సైట్‌లో మీ అసలు హోదా పేరు కాకుండా దానికి ఒకటి రెండు మెట్లు కింది పేర్లు కొట్టండి. క్వాలిటీ వాళ్లయితే ఇలా:

```
quality inspector
quality control technician
quality assurance coordinator
```

అదే సైట్‌లో ఆ పనికి మీ ప్రాంతంలో తక్కువ, మధ్యస్థ, ఎక్కువ జీతాలు ఎంతో ఉంటాయి. ఆ మూడు అంకెలు రాసి పెట్టుకోండి, తర్వాత ఆఫర్ వచ్చినప్పుడు పనికొస్తాయి.

5. సర్వైవల్ జాబ్ ఎంచుకునే పద్ధతి

మధ్య మెట్టు దొరకలేదు, లేదా దొరికేదాకా డబ్బు కావాలి. అప్పుడు జనరల్ లేబర్ అయినా ఏరుకునే చేరండి. మొదట చూడాల్సింది షిఫ్ట్.

ఇంటర్వ్యూ కాల్స్ వచ్చేది సోమవారం నుంచి శుక్రవారం, తొమ్మిది నుంచి ఐదు మధ్య. ఆ వేళలో మీరు ఫోన్ లాకర్‌లో పెట్టి ఫ్లోర్ మీద ఉంటే రిక్రూటర్ వాయిస్ మెయిల్ పెట్టి తర్వాతి పేరుకి వెళ్లిపోతారు. అందుకే నా వరస ఇది.

- అన్నిటికంటే మేలు వీకెండ్ షిఫ్ట్. కొన్ని ఫ్యాక్టరీల్లో శుక్ర, శని, ఆదివారాలు 12 గంటల చొప్పున ఉంటాయి. ఒళ్లు హూనమవుతుంది, కానీ సోమవారం ఒక్కటి విశ్రాంతికి పోయినా మంగళ, బుధ, గురువారాలు మీవి.
- తర్వాత సాయంత్రం పార్ట్ టైమ్, పార్సిల్ సార్టింగ్ లాంటివి, నాలుగైదు గంటలు.
- ఆ తర్వాత మధ్యాహ్నం షిఫ్ట్, మూడు నుంచి పదకొండు. పొద్దున పూట మిగులుతుంది.
- పగటి షిఫ్ట్ ఫుల్ టైమ్ ఆఖరి ఎంపిక.

నైట్ షిఫ్ట్ పేరు పైన లేదు, కావాలనే. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు చేస్తే పగలంతా ఖాళీ అనిపిస్తుంది, పైగా కొన్నిచోట్ల గంటకి కాస్త ఎక్కువిస్తారు కూడా. కానీ పొద్దున పదింటికి ఇంటర్వ్యూ అంటే మీ ఒంటికి అది అర్ధరాత్రి. మాట తడబడుతుంది, అవతలివాళ్లు దాన్ని ఇంగ్లిష్ రాకపోవడం అనుకుంటారు.

రెండోది, పని చట్టప్రకారం ఉందా లేదా. చేరే ముందు ఇవి చూసుకోండి.

- పే స్లిప్ ఇస్తారా? "క్యాష్‌లో ఇస్తాం, గంటకి 14" అంటే వద్దు. అది కనీస వేతనం కంటే తక్కువ, పైగా పని పోయినప్పుడు డబ్బిచ్చే ప్రభుత్వ ఉపాధి బీమా ఈఐకి ఆ గంటలు లెక్కకి రావు, ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు చూపించడానికి కాగితం ఉండదు.
- ఏజెన్సీ ద్వారా అయితే దానికి లైసెన్స్ ఉందా? 2024 జులై 1 నుంచి ఒంటారియోలో టెంప్ ఏజెన్సీలకి లైసెన్స్ తప్పనిసరి, పేరు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఉద్యోగం చూపించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోవడం చట్టవిరుద్ధం.
- వారానికి 44 గంటలు దాటితే చాలా పనుల్లో ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. దాని సంగతి అడిగితే నసుగుతున్నారా?
- సేఫ్టీ షూ ఎవరిది? మీరే కొనాల్సి వస్తే పచ్చ త్రిభుజం గుర్తున్న సీఎస్ఏ షూ కొనండి. ఇండియా నుంచి తెచ్చుకున్నవి చాలాచోట్ల ఒప్పుకోరు.

దీనికి విడిగా ఒక పేజీ రెజ్యూమె చేసుకోండి. ఎంటెక్, తొమ్మిదేళ్ల మేనేజ్‌మెంట్ అన్నీ పెడితే "నెలలో వెళ్లిపోతాడు" అని పక్కన పెడతారు. అబద్ధం రాయొద్దు, అక్కర్లేనిది వదిలేయండి. నిలబడి పనిచేయగలరు, ఏ షిఫ్ట్‌కి రాగలరు, సేఫ్టీ తెలుసు, అంతే చాలు.

6. చేరిన రోజే రాసుకోవాల్సిన కాగితం

ఇది ఫ్రిజ్ మీద అంటించండి, ఇంట్లో ఇద్దరూ చూసేలా.

- సమీక్ష తేదీలు: చేరిన రోజు నుంచి మూడో నెల, ఆరో నెల.
- ముట్టకూడని డబ్బు ఎంత.
- వారానికి ఎన్ని అప్లికేషన్లు. నా సలహా పది, కానీ ప్రతిదానికీ రెజ్యూమె ఆ ప్రకటనకి తగ్గట్టు మార్చినవి. ఒకే రెజ్యూమె వంద చోట్లకి పంపితే అది లెక్కలోకి రాదు.
- వారంలో ఏ రెండు పగళ్లు ఓవర్‌టైమ్‌కి ఇవ్వకూడదు.
- కొత్త కారు లోను, పెద్ద ఇల్లు మొదటి సమీక్ష దాకా వద్దు.

చివరిది వినడానికి మా పెద్దమ్మ సలహాలా ఉంటుంది కానీ, మనుషులు ఇరుక్కుపోయేది అక్కడే. ఓవర్‌టైమ్‌తో కలిపి నెలకి 3,200 వస్తుంటే దానికి తగ్గట్టు కారు తీసుకుంటారు. బ్రాంప్టన్‌లో కారు ఇన్సూరెన్స్ గూబ గుయ్యిమనిపిస్తుంది. ఇక ఓవర్‌టైమ్ మానలేరు, ఓవర్‌టైమ్ మానకపోతే వెతకలేరు. ఆ తర్వాత "లీడ్ హ్యాండ్ చేస్తాం, గంటకి డాలరున్నర పెంచుతాం" అంటారు, దాంతో ఇంకో ఏడాది పోతుంది. ఫ్లోర్ మీద జట్టుని చూసుకునే లీడ్ హ్యాండ్ పని తప్పని కాదు. లాజిస్టిక్సే మీ ఫీల్డ్ అయితే అది నిజంగా మెట్టే. కాకపోతే అది మెట్టులా కనిపించే మలుపు, అంతే.

7. వెతుకులాట ఎక్కడ ఆగుతోందో పట్టుకోండి

మూడో నెల సమీక్షలో "రావట్లేదు" అని నిట్టూర్చి లాభం లేదు. ఎక్కడ ఆగుతోందో చూడాలి.

నలభై అప్లికేషన్లు పంపినా ఒక్క ఫోనూ రాలేదంటే తప్పు రెజ్యూమెలోనో, మీరు ఎంచుకున్న స్థాయిలోనో ఉంది. ఒక మెట్టు కింది పేరుతో పదిహేను పంపి చూడండి. అప్పుడు ఫోన్లు వస్తే సమస్య స్థాయిది. అప్పుడూ రాకపోతే రెజ్యూమెది. ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరాలు ఉంటే తీసేయండి. "రెస్పాన్సిబుల్ ఫర్" అని మొదలయ్యే లైన్ల చోట ఏం చేస్తే ఎంత మారిందో రాయండి.

ఫోన్లు వస్తున్నాయి కానీ రెండో రౌండ్ రావట్లేదంటే చెప్పే తీరులో ఉంది. మనవాళ్లు "వి డిడ్, అవర్ టీమ్ డిడ్" అని వినయంగా చెబుతారు, వాళ్లకి కావాల్సింది మీరేం చేశారన్నది. ఆ పరిస్థితి, మీ పని, ఫలితం, ఈ వరసలో రెండు నిమిషాల కథలు ఆరు తయారు చేసుకుని గట్టిగా చెప్పి ప్రాక్టీస్ చేయండి.

చివరి రౌండ్ దాకా వెళ్లి పోతున్నాయంటే రెఫరెన్సులు చూడండి. ఇక్కడి మనిషి ఒక్కరైనా ఉంటే తేడా వస్తుంది. సర్వైవల్ జాబ్ సూపర్‌వైజరు అయినా సరే, "టైమ్‌కి వస్తాడు, నమ్మొచ్చు" అని చెబితే చాలు.

వీటికి సాయం డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఎంప్లాయ్‌మెంట్ ఒంటారియో కేంద్రాలు, యాక్సెస్ ఎంప్లాయ్‌మెంట్, కోస్టి లాంటి సంస్థలు ఉచితంగా రెజ్యూమె చూసి మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తాయి. కొన్ని వృత్తులకి బ్రిడ్జింగ్ ప్రోగ్రాములు, అంటే బయట నేర్చిన వృత్తిని ఇక్కడి ఉద్యోగానికి సరిపడేలా చేసే శిక్షణలు, ఉన్నాయి. "గ్యారంటీ జాబ్, 3,000 డాలర్లు" అనేవాళ్లకి దూరంగా ఉండండి, వాళ్లు తెలుగులో మాట్లాడినా సరే.

కెనడా అనుభవం లేదని భయపడి అప్లై చేయకుండా ఆగిపోయేవాళ్లకి ఒక మాట. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ఉద్యోగ ప్రకటనల్లో కెనడా అనుభవం కావాలని పెట్టకూడదు, జీతం ఎంత నుంచి ఎంతో చూపాలి. మనసులో ఉండేదాన్ని చట్టం ఆపలేదు, అది వేరే సంగతి. కానీ అప్లై చేయడానికి మీ వైపు నుంచి అడ్డు లేదు.

రెజ్యూమెలో వేర్‌హౌస్ పని పెట్టాలా అని చాలామంది అడుగుతారు. ఫీల్డ్ జాబ్ రెజ్యూమెలో మొదటి పేజీ మీ వృత్తికే. ఖాళీ కనబడుతుందనిపిస్తే చివర్లో "ఇతర పని" కింద ఒక్క లైను. ఇంటర్వ్యూలో అడిగితే దాచొద్దు, "కుటుంబంతో కొత్తగా వచ్చాను, స్థిరపడే లోపు పనిచేశాను" అంటే చాలు. ఇక్కడ దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు మనం ఊహించుకున్నంత మంది ఉండరు.

8. ఆఫర్ వచ్చింది, మారాలా?

మన క్వాలిటీ ఆయనకి తిరిగి వద్దాం. ఐదో నెలలో రెండు ఒకేసారి వచ్చాయి. ఇప్పుడున్న వేర్‌హౌస్ వాళ్లు పర్మనెంట్ చేస్తాం, గంటకి 21 అన్నారు. కేంబ్రిడ్జ్‌లో ఒక ప్లాంట్ వాళ్లు క్వాలిటీ టెక్నీషియన్, ఆరు నెలల కాంట్రాక్ట్, గంటకి 24 అన్నారు. ఇంట్లో అందరూ పర్మనెంట్ వైపే. ఇండియాకి ఫోన్ చేస్తే నాన్నగారు కూడా "పర్మనెంట్ వదిలేస్తావా" అంటారు.

ముందు డబ్బు. గంటకి 3 డాలర్ల తేడా, వారానికి 40 గంటలంటే 120, నెలకి దాదాపు 520, పన్నులు పోను 400 లోపే. కేంబ్రిడ్జ్‌కి కారు కావాలి, కాబట్టి ఆ 400 పెట్రోలుకీ ఇన్సూరెన్సుకీ చాలదు. డబ్బు పరంగా ఇది నష్టమే, ఒప్పుకోవాలి.

అయితే ఆరు నెలలు అయ్యేసరికి ఆయన దగ్గర ఏముంటుంది? ఇక్కడి ప్లాంట్ పేరు, తన వృత్తి హోదా, క్వాలిటీ మేనేజర్ రెఫరెన్సు. రాబోయే వాటికి అదే ఆధారం. మరి ఆరు నెలల నష్టం ఎంత? కారుతో నెలకి 300 అదనంగా పోయినా 1,800. వారానికి 24 గంటల పనితో ఇప్పటికి ఐదు నెలల్లో వాడుకున్నది 6,750, వాడుకోగలిగిన దాంట్లో 4,250 మిగిలింది. పైగా కొత్త చోట 24 గంటల పని కాస్తా 40 అవుతుంది, నెలసరి లోటు దాదాపు పోతుంది. పాత కారు కొంటే ఆ 4,250లో చాలా భాగం పోతుంది, అందుకని మొదటి రెండు నెలలు అదే ప్లాంట్‌కి వెళ్లేవాళ్లతో కార్‌పూల్ దొరుకుతుందేమో అడగాలి. దొరికితే మారొచ్చు. దొరకకపోతే, ముట్టకూడని 9,000 ముడితే తప్ప వెళ్లలేనంటే, ఈ ఆఫర్ వదిలేసి మిస్సిసాగాలో ఇలాంటిదే వెతకడం తెలివైన పని.

కాంట్రాక్ట్ అయిపోతే? ఇక్కడ ఈఐ గురించి తెలిసి ఉండాలి. కాంట్రాక్ట్ ముగిసి పని పోతే, మీ ప్రాంతాన్ని బట్టి గత 52 వారాల్లో 420 నుంచి 700 ఇన్సూరబుల్ గంటలు ఉంటే రెగ్యులర్ బెనిఫిట్‌కి అర్హత ఉంటుంది. సరైన కారణం లేకుండా మీరే మానేస్తే అర్హత పోతుంది, అంతకుముందు పోగేసిన గంటలూ పోతాయి. ఇంకో ఉద్యోగం ఖాయమయ్యాక మానేయడం సరైన కారణమే. అందుకే ఆఫర్ రాతలో చేతికి వచ్చేదాకా పాత పని మానొద్దు, ఆ ఈమెయిల్ జాగ్రత్తగా దాచుకోండి.

మారే ముందు చూసుకోవాల్సినవి:

- ఆఫర్ రాతలో ఉంది. జీతం, గంటలు, మొదలయ్యే తేదీ, కాంట్రాక్ట్ గడువు, ప్రొబేషన్ అన్నీ ఉన్నాయి.
- రోజువారీ పనిలో సగానికి పైగా మీ వృత్తి పనే. హోదా పేరు బాగుండి పని ప్యాకింగ్ అయితే వద్దు. "మొదటి నెలలో నేను ఏం చేస్తాను" అని ఇంటర్వ్యూలోనే అడగండి.
- జీతం జాబ్ బ్యాంక్‌లో చూసిన తక్కువ అంకెకి కిందికి లేదు.
- వెళ్లొచ్చే దారి, దాని ఖర్చు లెక్కలో వేశారు.
- ముట్టకూడని డబ్బు అలాగే ఉంది.
- మెడికల్ బెనిఫిట్స్ ఎప్పటి నుంచో అడిగారు. చాలాచోట్ల మూడు నెలల తర్వాతే. రోజూ మందులు వాడేవాళ్లుంటే ఆ మూడు నెలల మందుల ఖర్చు కలపండి.

ఇందులో మొదటిది గానీ, రెండోది గానీ, ముట్టకూడని డబ్బు సంగతి గానీ కుదరకపోతే మారొద్దు. మిగతావాటిలో ఒకటి తగ్గితే ఆలోచించొచ్చు.

ఆరో నెల వచ్చినా ఏ ఆఫరూ లేకపోతే? అప్పుడు అదే షిఫ్ట్‌లో అలాగే కొనసాగొద్దు. సెక్షన్ నాలుగులో చెప్పిన మధ్య మెట్టుకి జీతం కాస్త తగ్గినా మారిపోండి, లేదా బ్రిడ్జింగ్ ప్రోగ్రాంలో చేరండి. డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా ఆఫీసు ఉద్యోగాల నియామకాలు నెమ్మదిస్తాయి, కాబట్టి మీ ఆరో నెల అక్కడ పడితే సమీక్ష ఫిబ్రవరికి జరుపుకోవచ్చు. అంతకు మించి జరపొద్దు.

9. పాత చోట మానేయడం

మామూలు ఉద్యోగి మానేసేటప్పుడు ఇన్ని రోజుల ముందు చెప్పాలని ఒంటారియో ఉపాధి ప్రమాణాల చట్టం సాధారణంగా పట్టుబట్టదు, కానీ మీరు సంతకం చేసిన కాంట్రాక్ట్‌లో ఉండొచ్చు, చదవండి. రెండు వారాల ముందు చెప్పడం ఇక్కడి మర్యాద. రేపు రెఫరెన్సు కావాలంటే ఆ సూపర్‌వైజరే దిక్కు కాబట్టి షిఫ్ట్ మధ్యలో మెసేజ్ పెట్టి మాయమవకండి. కారణం పొడుగ్గా చెప్పక్కర్లేదు. "నా ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది, ఫలానా తేదీ నా ఆఖరి రోజు, మీ పేరు రెఫరెన్సుగా ఇవ్వొచ్చా" అని చిన్న ఈమెయిల్ చాలు.

కొత్త చోట బాగా కుదిరితే వీకెండ్ షిఫ్ట్ ఉంచుకుందాం అనే ఆశ పుడుతుంది. మొదటి మూడు నెలలు వద్దు. ప్రొబేషన్‌లో సోమవారం పొద్దున నిద్ర మొహంతో కనబడితే అదే గుర్తుంటుంది.

వెళ్లేముందు ఆఖరి పని. జీతం బకాయి, వెకేషన్ పే కలిపి పని ఆగిన ఏడు రోజుల్లో గానీ, మామూలుగా జీతం పడే తర్వాతి రోజున గానీ, రెండింట్లో ఏది తర్వాత వస్తే అప్పటికల్లా ఇవ్వాలి. పే స్లిప్పులో వెకేషన్ పే నాలుగు శాతం ఇంతకుముందే వారం వారం ఇచ్చేస్తున్నారో, పోగుచేసి ఉంచారో చూసుకోండి. పోగుచేసి ఉంచినవాళ్లు కొందరు అడిగితే గానీ ఇవ్వరు. ఈఐ కోసం కంపెనీ ఇచ్చే పని రికార్డు ఆర్ఓఈ మీ సర్వీస్ కెనడా ఖాతాలో కనబడాలి, అందులో మానేసిన కారణం, గంటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఫిబ్రవరి చివరికల్లా పన్నులకి కావాల్సిన జీతం స్లిప్పు టీ4 రావాలి, మధ్యలో ఇల్లు మారితే కొత్త అడ్రసు పాత హెచ్ఆర్‌కి ఇవ్వండి.